గేమ్ ఆఫ్ లైఫ్: బ్లింకర్ సరిగా తిరగకపోతే తప్పెక్కడ?

హైదరాబాద్‌లో కాలేజీ ల్యాబులోనైనా, అమీర్‌పేట కోచింగ్ సెంటర్లోనైనా 2డి అర్రే నేర్పాక ఇచ్చే అభ్యాసాల్లో గేమ్ ఆఫ్ లైఫ్ ఒకటి. జాన్ కాన్వే రూపొందించిన ఈ ఆట 1970లో లోకానికి తెలిసింది. గ్రిడ్‌లోని ప్రతి గడీ, అంటే సెల్, బతికి గానీ చచ్చి గానీ ఉంటుంది. మూలలతో కలిపి చుట్టూ ఉన్న 8 సెల్సే దాని పొరుగులు. అన్ని సెల్స్ ఒకేసారి మారితే ఒక తరం గడిచినట్టు. నియమాలు చిన్నవే. బతికున్న సెల్‌కి చుట్టూ 2 లేదా 3 బతికున్న పొరుగులుంటే బతుకుతుంది, లేకపోతే చస్తుంది. చచ్చిన సెల్‌కి సరిగ్గా 3 ఉంటే పుడుతుంది. తప్పులు ఈ నియమాల్లో దొర్లడం తక్కువ. పొరుగుల్ని ఏ గ్రిడ్‌లోంచి లెక్కపెడుతున్నాం, అంచు దాటితే ఏం చేస్తున్నాం అన్న రెండు చోట్లే ఎక్కువగా దొర్లుతాయి.

పెద్ద గ్రిడ్‌లో యాదృచ్ఛికంగా సెల్స్ నింపి, తెరమీద కదలిక చూసి "బాగానే ఉంది" అనుకోకండి. తప్పు కోడ్ కూడా చూడ్డానికి ముచ్చటగానే కదులుతుంది. 5×5 గ్రిడ్ తీసుకుని, వరసలూ నిలువు వరసలూ 0 నుంచి లెక్కపెడుతూ, (2,1), (2,2), (2,3) మాత్రం బతికించండి. దీన్నే బ్లింకర్ అంటారు. తర్వాతి తరంలో అది నిలువుగా నిలబడాలి: (1,2), (2,2), (3,2). ఆ తర్వాత మళ్లీ అడ్డంగా పడుకోవాలి. ప్రతి తరానికీ గ్రిడ్‌ను అంకెల్లో ప్రింట్ చేయండి. ఎలా చెడిందో చూస్తే ఎందుకు చెడిందో చాలావరకు తెలిసిపోతుంది.

లక్షణం: మొదటి తరంలోనే 3 బదులు 4 సెల్స్, అవి (1,2), (1,3), (2,1), (2,3)

కారణం: చదివే గ్రిడ్‌లోనే రాస్తున్నారు. పై నుంచి కిందికి, ఎడమ నుంచి కుడికి వెళ్తున్నప్పుడు (1,2) కి కింద మూడు పొరుగులున్నాయి కాబట్టి అది పుడుతుంది. అది సరే. వెంటనే (1,3) వంతు. పాత గ్రిడ్ ప్రకారం దానికి (2,2), (2,3) అని రెండే పొరుగులు, కాబట్టి పుట్టకూడదు. కానీ పక్కన ఇప్పుడే పుట్టిన (1,2) ని కూడా కలిపితే మూడవుతాయి, పుట్టేస్తుంది. ఇక (2,2) దగ్గరికొచ్చేసరికి నాలుగు పొరుగులు కనిపించి అది చచ్చిపోతుంది. సగం పాత తరం, సగం కొత్త తరం కలిసిపోయాయన్నమాట. పాత తరాన్ని `cur` లోంచి చదివి, కొత్త తరాన్ని `nxt` అనే రెండో గ్రిడ్‌లో, అంటే రెండో బఫర్లో రాయాలి.

"నేను రెండో బఫర్ పెట్టాను కదా" అంటారా? పైథాన్‌లో `nxt = cur` రాస్తే రెండో పేరు వచ్చింది గానీ రెండో గ్రిడ్ రాలేదు. `nxt = cur[:]` రాసినా అంతే. బయటి లిస్ట్ మాత్రమే కాపీ అవుతుంది, లోపలి వరసలు రెండింటికీ ఉమ్మడివే. రెండు గ్రిడ్లనూ విడివిడిగా కట్టాలి:

```python
cur = [[0] * m for _ in range(n)]
nxt = [[0] * m for _ in range(n)]
```

లక్షణం: మొదటి తరంలోనే గ్రిడ్ మొత్తం ఖాళీ

`nxt = [[0]*5]*5` అని రాశారేమో చూడండి. అందులో ఉన్నది ఒకటే వరస, అది ఐదుసార్లు కనిపిస్తుంది. చివరి వరసకి రాసిన సున్నాలే అన్ని వరసల్లోనూ మిగులుతాయి. పరిష్కారం పైన ఇచ్చిన రెండు లైన్లే.

లక్షణం: మొదటి తరం సరైనదే, రెండో తరంలో అంతా చచ్చిపోతుంది

ఇది తికమక పెడుతుంది, ఎందుకంటే మొదటి అడుగు సరిగ్గా పడింది. తరం చివర్లో `cur = nxt` అని రాసి వదిలేశారు. ఆ క్షణం నుంచి రెండు పేర్లూ ఒకే గ్రిడ్‌వి. నిలువు బ్లింకర్‌ను అదే గ్రిడ్‌లో మారుస్తూ పోతే ముందు (1,2) కి ఒక్క పొరుగే ఉంది కాబట్టి చస్తుంది. అది పోవడంతో (2,2) కి ఒక్కటే మిగిలి అదీ చస్తుంది, ఆపైన (3,2). గ్రిడ్‌ను కాపీ చేయాల్సిన పని లేదు, పేర్లు మార్చుకుంటే చాలు:

```python
cur, nxt = nxt, cur
```

ఈ మార్పిడి పెట్టాక ఇంకో చిక్కుంది, దాన్ని బ్లింకర్ పట్టుకోలేదు. పుట్టిన, బతికిన సెల్స్‌కి 1 రాసి, చచ్చినవాటికి 0 రాయకుండా వదిలేశారనుకోండి. మార్పిడి తర్వాత `nxt` లో ఉండేది రెండు తరాల కిందటి గ్రిడ్. బ్లింకర్ రెండు తరాలకోసారి మొదటి రూపానికే వస్తుంది కాబట్టి ఆ పాత మరకలు సరిగ్గా సరైన చోటే పడి, అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. అందుకే ఏటవాలుగా జరుగుతూ పోయే గ్లైడర్ అనే ఆకారంతో కూడా పరీక్షించాలి. 8×8 గ్రిడ్‌లో (0,1), (1,2), (2,0), (2,1), (2,2) బతికించండి. అంచు తగలనంతవరకు ప్రతి తరంలోనూ సెల్స్ 5 ఉండాలి. రెండో తరంలో 7 వస్తే పాత మరకలు మిగిలినట్టే. ప్రతి సెల్‌కీ 0 గానీ 1 గానీ తప్పకుండా రాయండి.

లక్షణం: మధ్యలో అంతా సరే, అంచుల్లో తేడా

ముందు ఒకటి తేల్చుకోవాలి: అంచు అవతల అన్నీ చచ్చిన సెల్సా, లేక గ్రిడ్ చుట్టుకుని అవతలి అంచుకి కలుస్తుందా? రెండూ చెల్లుతాయి. తెలియకుండా రెండూ కలిసిపోవడమే తప్పు. పైథాన్‌లో అది చాలా తేలిగ్గా జరుగుతుంది. `g[5]` అడిగితే `IndexError` వస్తుంది, `g[-1]` అడిగితే మాత్రం చప్పుడు లేకుండా చివరి వరస ఇస్తుంది. ఎర్రర్ వచ్చిన వైపు `if rr < n` అని అడ్డం పెట్టి, రాని వైపు వదిలేస్తే పైన, ఎడమన చుట్టుకుంటుంది, కింద, కుడిన గోడ ఉంటుంది.

దీన్ని పట్టుకోవాలంటే 5×5 లో బ్లింకర్‌ను ఒకసారి పై వరసలో, ఒకసారి కింది వరసలో పడుకోబెట్టండి. గోడ ఉన్న గ్రిడ్ అయితే రెండుసార్లూ మొదటి తరంలో 2 సెల్స్, రెండో తరంలో సున్నా. చుట్టుకునే గ్రిడ్ అయితే రెండుసార్లూ 3 సెల్స్, బ్లింకర్ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. పై వరసలో పెడితే 2, కింది వరసలో పెడితే 3 వచ్చి, ఆ మూడోది (0,2) లో పుట్టిందంటే సగం గోడ, సగం చుట్టు అన్నమాట. పై అంచు ఒక్కటే చూసి ఊరుకుంటే ఇది దొరకదు. నిలువు బ్లింకర్‌తో ఎడమ, కుడి అంచుల్నీ ఇలాగే చూడండి.

చుట్టుకునే గ్రిడ్ కావాలంటే:

```python
def neighbours(g, r, c):
    n, m = len(g), len(g[0])
    return sum(g[(r+dr) % n][(c+dc) % m]
               for dr in (-1, 0, 1) for dc in (-1, 0, 1)
               if dr or dc)
```

ఆఖరి `if dr or dc` మరిచిపోతే సెల్ తనని తానే పొరుగుగా లెక్కేసుకుంటుంది. వరసలకి `n`, నిలువు వరసలకి `m` తారుమారైతే చదరపు గ్రిడ్‌లో బయటపడదు, కాబట్టి 5×8 మీద కూడా ఒకసారి నడపండి. గ్రిడ్ ఏ వైపూ 3 కంటే చిన్నగా ఉండకూడదు. ఉంటే చుట్టుకున్నప్పుడు ఒకే సెల్ రెండుసార్లు లెక్కలోకి వస్తుంది.

సీ భాషలో ఈ కోడ్‌ను యథాతథంగా దించకండి. పైథాన్‌లో `-1 % 5` విలువ 4, సీలో -1. అక్కడ `(r + dr + n) % n` రాయాలి. సీలో గ్రిడ్‌ను ఒకే వరస అర్రేగా `g[r*m + c]` అని పెట్టుకునేవాళ్లకి ఇంకో ప్రమాదముంది: కుడి అంచులో `c+1` వెళ్లి కింది వరస మొదటి సెల్‌ను చదువుతుంది, ఎర్రర్ ఏమీ రాదు. కుడి అంచున మాయమైన గ్లైడర్ ఎడమన ఒక వరస కిందికి జరిగి తేలితే ఇదే కారణం.

గోడ కావాలంటే గ్రిడ్‌ను (n+2)×(m+2) గా కట్టి, లెక్క 1 నుంచి n దాకా, 1 నుంచి m దాకా మాత్రమే నడపడం నా దృష్టిలో అన్నిటికన్నా నిక్కమైన పద్ధతి. బయటి అంచు ఎప్పుడూ సున్నాయే, లోపల ఎక్కడా `if` అక్కర్లేదు. రెండు బఫర్లకీ ఈ అంచు ఉండాలి, దాంట్లో ఎన్నడూ రాయకూడదు.

చివరగా 8×8 మీద పై గ్లైడర్‌నే వదలండి. చుట్టుకునే గ్రిడ్‌లో అది 4 తరాలకి ఒక గడి ఏటవాలుగా జరుగుతూ 32వ తరానికి బయల్దేరిన చోటికే అదే రూపంలో చేరాలి. గోడలున్న గ్రిడ్‌లో అయితే కింది కుడి మూలకి చేరి 2×2 దిమ్మెగా మారి అక్కడే ఆగిపోవాలి.