పెద్దమనిషి కాకముందే వచ్చే కోపాలు: పదేళ్ల పాపకి, అమ్మానాన్నలకి

"ఇంకా పెద్దమనిషి కూడా కాలేదు, అప్పుడే ఈ కోపాలేంటి మేడమ్?"

బెంగళూరు మారతహళ్లిలో పిల్లలకు కౌన్సెలింగ్ చేసే నన్ను తెలుగు అమ్మలు తరచూ అడిగే మాట ఇది. ఈ ప్రశ్నలోనే సగం చిక్కు ఉంది. మనం ఎదుగుదలను మొదటి నెలసరి రోజుతో ముడిపెట్టేశాం. ఆ రోజుకి పేరుంది, పీట ఉంది, పేరంటం ఉంది. కానీ ఒంట్లో పని అంతకు రెండు, రెండున్నరేళ్ల ముందే మొదలవుతుంది. ఆడపిల్లల్లో 8 నుంచి 13 ఏళ్ల మధ్య ఎప్పుడు మొదలైనా మామూలే. అంటే ఐదో తరగతి పాపలో మార్పు ఇప్పటికే నడుస్తూ ఉండొచ్చు. ఇంట్లో వాళ్లకి తెలియదు కాబట్టి పొగరు అనుకుంటారు.

ఈ మధ్య చూసిన ఒక కుటుంబం సంగతి చెబుతాను. సొంతూరు మదనపల్లె. పాపకి పదేళ్లు. నాన్న సాఫ్ట్‌వేర్, అమ్మ ఇంట్లోనే ట్యూషన్లు చెబుతుంది, అమ్మమ్మ కూడా వీళ్లతోనే ఉంటుంది.

సమస్య: చిన్న మాటకే ఏడుపు, తలుపు ధడాలున వేసుకోవడం

నెలన్నరగా ఇదే వరస. "హోంవర్క్ ఏముంది?" అంటే చాలు, కళ్లల్లో నీళ్లు. ఒకరోజు దువ్వెన గోడకేసి కొట్టింది. అరగంట తర్వాత తనే వచ్చి అమ్మ పక్కన పడుకుంది. ఎందుకు ఏడ్చావంటే "తెలీదు" అంది. అది అబద్ధం కాదు, నిజంగానే తెలియదు.

కారణం వెతకడం

ముందే హార్మోన్లు అని తేల్చేయకండి. నేను ఆ అమ్మకి చెప్పింది ఒకటే: వంటింట్లో తెలుగు క్యాలెండర్ ఉంటుంది కదా, రెండు వారాలు దాని మీద రాయండి. ఏ టైముకి కోపం వచ్చింది, దానికి ముందు ఏం జరిగింది, అంతే. పాప తప్పులు రాయొద్దు.

రెండు వారాల్లో తొమ్మిదిసార్లు పడ్డాయి. అందులో ఆరు, స్కూల్ వ్యాన్ దిగాక తినేలోపు వచ్చినవే. స్కూల్లో పన్నెండుంబావుకి భోజనం, వ్యాన్ ఇంటికొచ్చేసరికి ఐదు కావస్తుంది. దాదాపు ఐదు గంటల ఖాళీ కడుపు, ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్, దిగగానే ప్రశ్నలు. పైగా రాత్రి పదకొండు దాటాకే పడుకుంటోంది, పొద్దున్న ఆరింటికి లేస్తోంది. ఆ వయసుకి కనీసం తొమ్మిది గంటల నిద్ర కావాలి. రెండుసార్లు అమ్మమ్మ మాట తర్వాత వచ్చాయి: "పెద్దదానివవుతున్నావ్, ఆ గంతులేంటి?" మిగిలిన ఒక్కటికి కారణమే దొరకలేదు.

మరి ఇందులో ఎదుగుదల పాత్ర ఏమిటి? ఆకలి, నిద్రలేమి పోయినేడు కూడా ఉన్నాయి, అప్పుడు తలుపులు మోగలేదు. ఎదిగే వయసులో మెదడులో భయం, కోపం, సిగ్గు పుట్టించే భాగాలు చురుకెక్కుతాయి. ఇతరులు తనని ఎలా చూస్తున్నారన్న పట్టింపు బాగా పెరుగుతుంది. ఆవేశాన్ని ఆపే ముందుభాగం మాత్రం ఇరవై దాటాక గానీ పూర్తిగా తయారవదు. అందుకే పోయినేడు సర్దుకుపోయిన ఆకలికే ఈ ఏడు ఏడుపొస్తోంది.

పాపతో విడిగా మాట్లాడినప్పుడు ఇంకొకటి బయటపడింది. ఛాతీలో ఒక పక్క గింజలాంటి గట్టిదనం, ముట్టుకుంటే నొప్పి. పక్కింటి ఆంటీకి క్యాన్సర్ అని విన్నది కాబట్టి తనకీ అదేనేమోనని మూడు వారాలుగా లోలోపలే వణికిపోతోంది. ఆడపిల్లల్లో ఎదుగుదలకి సాధారణంగా మొదటి గుర్తు అదే. ముందు ఒక పక్కే రావడం కూడా మామూలే. ఈ ఒక్క మాట ఇంట్లో ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఆ పసిది అన్ని రోజులు భయపడేది కాదు. నాకు ఇప్పటికీ బాధనిపించేది ఇదే.

పరిష్కారం: పాపకి ఎలా చెప్పాలి

ఎదురుగా కూర్చోబెట్టి "నీతో మాట్లాడాలి" అనకండి, భయపడుతుంది. బట్టలు మడతపెడుతూనో, చిక్కుడుకాయలు ఒలుస్తూనో చెప్పండి. చేతిలో పని ఉంటే కళ్లల్లో కళ్లు పెట్టి చూడాల్సిన ఇబ్బంది ఉండదు. ఆ అమ్మ చెప్పింది దాదాపు ఇలా:

"నీ బుర్ర కింద బఠాణీ గింజంత గ్రంథి ఒకటుంది. ఇక పెద్దవ్వమని ఒంటికి కబురు పంపుతుంది. మొదట్లో ఆ కబుర్లు ఎక్కువగా రాత్రి నిద్రలోనే వెళ్తాయి. ఒళ్లు మారుతుంటే మనసుకీ అలవాటయ్యేదాకా కోపం, ఏడుపు తొందరగా వస్తాయి. నాకూ వచ్చేవి. ఛాతీలో నొప్పి జబ్బు కాదు. ఇంకో రెండేళ్లకో, కొంచెం అటూ ఇటూగానో నెలసరి వస్తుంది, అదీ నీకు ముందే చెప్తాను. కోపం రావడం నీ తప్పు కాదమ్మా. కానీ వస్తువులు విసరకూడదు. కోపమొస్తే గదిలోకి వెళ్లు, తలుపేసుకో, నేను వెంటపడను."

ఆఖరి మాట నిలబెట్టుకోవడం కష్టం. తలుపు అవతల ఏడుపు వినిపిస్తుంటే అమ్మలు ఆగలేరు. ఇరవై నిమిషాలు ఆగండి. ఉద్రేకంలో ఉన్న పిల్లకి బుద్ధి చెబితే ఒక్క ముక్కా ఎక్కదు. విసిరిన దువ్వెన మాత్రం తర్వాత తనచేతే తీయించండి, తిట్టకుండా.

వ్యాన్ దిగగానే ఉగ్గాణి గానీ, వేరుశనగల చిక్కీ, అరటిపండు గానీ పెట్టాలి, ప్రశ్నలన్నీ తిన్నాకే. ఫోను తొమ్మిదికి హాల్లో పెట్టేయాలి, ఇంట్లో అందరివీ. అమ్మమ్మకి కూడా నచ్చజెప్పాం: "మీరన్నది ప్రేమతోనే పెద్దమ్మా, కానీ పిల్ల దాన్ని తన ఒంటి మీద వంకగా వింటోంది."

సమస్య: నాన్నతో మాట్లాడటం మానేసింది

నిజానికి ముందు మానేసింది నాన్నే. "ఆడపిల్ల ఎదుగుతోంది కదండీ, కొంచెం దూరంగా ఉండాలి కదా" అని ఆయన ఉద్దేశం. మంచి మనసుతోనే అనుకున్నాడు. పాపకి మాత్రం "నాన్నకి నేనంటే ఇష్టం పోయింది" అని అర్థమైంది. తన ఒళ్లు మారుతున్నందుకే నాన్న దూరమయ్యాడని అనుకుంటే, ఆ ఒంటి మీదే ఆ పిల్లకి కోపం వస్తుంది.

తలుపు కొట్టి లోపలికి రావడం, దగ్గరికి తీసుకునే ముందు తనకి ఇష్టమో కాదో చూసుకోవడం, ఈ రెండూ చాలు. మిగతాదంతా ఎప్పటిలాగే ఉండాలి. ఆయన అపార్ట్‌మెంట్ కింద సాయంత్రం షటిల్ మళ్లీ మొదలుపెట్టాడు. మొదటి మూడు రోజులు పాప ముభావంగా ఆడింది. నాలుగో రోజు స్కోరు దగ్గర గొడవ పెట్టుకుంది, నాన్న ఎంత సంతోషించాడో చెప్పలేను.

నెల తర్వాత క్యాలెండర్ మీద రెండు వారాలకి మూడుసార్లే పడ్డాయి. పూర్తిగా ఆగవు, ఆగాలని చూడకండి.

ఇది ఎదుగుదల వల్ల కాకపోవచ్చు అనిపించేదెప్పుడు

కోపమొచ్చి గంటలో మళ్లీ ఆటల్లో పడే పిల్ల వేరు. రెండు వారాలకు పైగా దాదాపు రోజంతా దిగులు, ఇష్టమైన ఆటా వద్దనడం, తిండి, నిద్ర తప్పడం, స్కూలుకి పోననడం ఉంటే డాక్టరుకి చూపించాలి. ఎప్పుడూ నీరసంగా, పాలిపోయి ఉంటే రక్తహీనత, థైరాయిడ్ పరీక్షలు అవసరమేమో అడగండి. 8 ఏళ్లలోపే ఛాతీలో మార్పు కనిపిస్తే పిల్లల డాక్టరు చూడాలి. ఒక్కసారిగా మారిపోయినా, ఫలానా మనిషి దగ్గరికో చోటికో వెళ్లనని మొండికేసినా, ఎవరైనా బాధపెట్టారా, ముట్టుకున్నారా అని నెమ్మదిగా అడగండి, చెప్పింది నమ్మండి. అలాంటప్పుడు పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయొచ్చు.

"చచ్చిపోతాను" అనే మాట వస్తే వయసు కోపమని వదిలేయొద్దు, ఒంటరిగా ఉంచొద్దు, ఆ రోజే చూపించండి. బెంగళూరులో నిమ్హాన్స్‌లో పిల్లల మానసిక వైద్య విభాగం ఉంది. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు.