"సీతా నే ఖానా ఖాయీ" ఎందుకు తప్పు? హిందీ భూతకాలంలో "నే": సమస్య - పరిష్కారం

హిందీలో వర్తమానం, భవిష్యత్తు బాగానే మాట్లాడే తెలుగువాళ్లకి కూడా భూతకాలంలోకి రాగానే క్రియ చివర "ఆ" పెట్టాలా "ఈ" పెట్టాలా అని టెన్షన్ మొదలవుతుంది. సీత అన్నం తింది అని చెప్పాలి. సీత ఆడమనిషి కదా అని "సీతా నే ఖానా ఖాయీ" అనేస్తారు. ఎదుటివాళ్లకి విషయం అర్థమవుతుంది గానీ వాక్యం తప్పు, "సీతా నే ఖానా ఖాయా" అనాలి. అదే సీత రొట్టె తింటే "ఖాయీ" సరిగ్గా సరిపోతుంది, కానీ అది సీత వల్ల కాదు, "రోటీ" స్త్రీలింగం కావడం వల్ల. ఇలా కొన్ని వాక్యాలు అనుకోకుండా కుదిరిపోతుంటాయి కాబట్టే తప్పు ఎక్కడుందో చాలామందికి చాలాకాలం తెలియదు.

మీకీ సమస్య ఉందో లేదో చూసుకోవాలంటే కర్తది ఒక లింగం, కర్మది ఇంకో లింగం ఉన్న వాక్యం చెప్పి చూడండి. "రవి రొట్టె తిన్నాడు" అనడానికి మీ నోట "రవి నే రోటీ ఖాయా" వచ్చిందంటే సమస్య ఉన్నట్టే. సరైనది "రవి నే రోటీ ఖాయీ".

అసలు కారణం

తెలుగులో క్రియ కర్త వెంటే నడుస్తుంది. రాముడు తిన్నాడు, సీత తింది, పిల్లలు తిన్నారు; తిన్నది ఏమిటన్నది క్రియకి పట్టదు. అదే అలవాటు హిందీలోకి తీసుకెళ్తాం. వర్తమానంలో, భవిష్యత్తులో అది పనిచేస్తుంది కూడా: "సీతా ఖానా ఖాతీ హై", "సీతా ఖానా ఖాయేగీ".

భూతకాలంలో ఎందుకు పనిచేయదంటే, "ఖాయా", "లిఖా", "పఢా" లాంటివి పుట్టుకతో విశేషణాల్లాంటివి. సంస్కృతం కొంచెం చదివినవాళ్లకి ఇది వెంటనే తడుతుంది. "రామేణ గ్రంథః పఠితః", "రామేణ కథా పఠితా". రాముడు తృతీయా విభక్తిలో పక్కకి జరిగాడు, చదవబడిన వస్తువు ప్రథమలో ఉంది, "పఠిత" దాని లింగాన్నే తీసుకుంది. హిందీ భూతకాలం ఈ రూపం నుంచే వచ్చింది. "అచ్ఛీ కితాబ్" అన్నప్పుడు "అచ్ఛీ" పుస్తకం లింగాన్ని ఎలా తీసుకుంటుందో, "రామ్ నే కితాబ్ పఢీ"లో "పఢీ" కూడా అలాగే తీసుకుంటుంది. చదవడం పూర్తయ్యాక "చదివిన" అనే గుణం అంటుకునేది పుస్తకానికి కదా! "సీతా గయీ"లో వెళ్లడం అనే పని ముగిశాక ఆ స్థితి సీతదే, అందుకే అకర్మక క్రియలు కర్త వెంటే ఉండిపోయాయి, వాటికి "నే" కూడా రాదు.

అలాగని ఇప్పటి హిందీ వాక్యాన్ని "రాముడిచేత పుస్తకం చదవబడింది" అని అనుకోకండి. అది మామూలు కర్తరి వాక్యమే. "రామ్ నే అప్నీ కితాబ్ పఢీ" అంటే ఆ "అప్నీ" రాముడినే చూపిస్తుంది, అంటే కర్త హోదా ఎక్కడికీ పోలేదు. మారింది క్రియ ఎవరితో కలుస్తుందన్నది ఒక్కటే.

పరిష్కారం: ప్రత్యయం తగలని పేరుని వెతకండి

నియమం ఒక్కటే, మిగతావన్నీ దాన్లోంచే వస్తాయి. హిందీ క్రియ "నే", "కో" లాంటి ప్రత్యయం తగిలిన పేరుతో కలవదు. కర్తకి "నే" తగిలిందా, దాన్ని వదిలేసి కర్మ దగ్గరికి వెళ్తుంది. కర్మకి కూడా "కో" తగిలిందా, కలవడానికి ఎవరూ లేరు కాబట్టి పుంలింగ ఏకవచనంలో ఆగిపోతుంది.

"సీత రెండు ఉత్తరాలు రాసింది" తీసుకుందాం. పని పూర్తయింది, "లిఖ్‌నా" సకర్మకం, కాబట్టి "సీతా నే". ఇక సీత సంగతి మర్చిపోవచ్చు. "చిట్ఠియాఁ" స్త్రీలింగ బహువచనం, ప్రత్యయం లేదు, కాబట్టి "సీతా నే దో చిట్ఠియాఁ లిఖీఁ". చివర "హై" చేరిస్తే ఆ ముక్కుపలుకు "లిఖీ" మీద నుంచి తప్పుకుని సహాయక క్రియ మీదికి వెళ్తుంది: "దో చిట్ఠియాఁ లిఖీ హైఁ". సీత బదులు రవి రాసినా, మీరు రాసినా ఈ క్రియలో ఒక్క అక్షరం మారదు. చిట్ఠీ బదులు "పత్ర్" అన్నారంటే మాత్రం అది పుంలింగం కాబట్టి "దో పత్ర్ లిఖే" అవుతుంది.

ఇప్పుడు "రవి అమ్మాయిలని చూశాడు". మనుషులు కర్మ అయితే తెలుగులో "ని" వచ్చినట్టే హిందీలో సాధారణంగా "కో" వస్తుంది. "రవి నే లడ్కియోఁ కో దేఖా". ఇక్కడ "దేఖీఁ" అనడం చాలా మామూలుగా జరిగే తప్పు, ముఖ్యంగా కర్మతో కలవాలన్న నియమం కొత్తగా నేర్చుకున్నవాళ్లు చేసేది.

అయితే "కో" కనిపించగానే క్రియని "ఆ"తో ముగించేయకండి. "రవి నే సీతా కో కితాబ్ దీ" చూడండి. "కో" సీతకి ఉంది, కితాబ్‌కి లేదు, అందుకే "దీ". "మదద్ కర్నా" కూడా ఇంతే: "మైనే రవి కీ మదద్ కీ". మదద్ స్త్రీలింగ నామవాచకం, ప్రత్యయం లేకుండా నిలబడింది, క్రియ దాన్ని పట్టుకుంది.

కర్మ పైకి కనిపించకపోతే? "సీతా నే కహా", "సీతా నే పూఛా", అంతే. కానీ "రోటీ కహాఁ హై?" అని అడిగితే "మైనే ఖా లీ" అంటారు, ఎందుకంటే ఆ రోటీ ఇద్దరి మనసులోనూ ఉంది.

"నే" పెట్టకూడని చోట పెడుతుంటే

ఇది రెండో రకం సమస్య. "మైనే ఖాతా థా" అనకూడదు. అది గతమే అయినా పని పూర్తయిన రూపం కాదు, కాబట్టి "మైఁ ఖాతా థా". "థా" ఉందా లేదా అని చూడకుండా అసలు క్రియ "ఖాయా" రూపంలో ఉందా అని చూడండి. ఉంటే పక్కన "హై" ఉన్నా "థా" ఉన్నా "హోగా" ఉన్నా "నే" వస్తుంది.

రెండు క్రియలు కలిసినప్పుడు చివరిదే నిర్ణయిస్తుంది. "ఉస్‌నే ఖా లియా", కానీ "వహ్ ఖా గయా", "వహ్ ఖా చుకా". "సక్‌నా", "చుక్‌నా", "లగ్‌నా" చివర ఉంటే "నే" రాదు.

కొన్ని మాత్రం కంఠస్థం చేయాల్సిందే. "లానా", "భూల్‌నా" అర్థంలో సకర్మకాలైనా "నే" తీసుకోవు: "సీతా కితాబ్ లాయీ", "రవి నామ్ భూల్ గయా". "ఛీంక్‌నా", "ఖాంస్‌నా"లకి కర్మ లేకపోయినా "నే" వస్తుంది: "సీతా నే ఛీంకా". "సమఝ్‌నా" రెండు రకాలుగానూ వినిపిస్తుంది.

ఇంకొకటి, హైదరాబాద్ దక్కనీలో "మైఁ రోటీ ఖాయా" అని "నే" లేకుండా, క్రియ కర్త వెంట వెళ్లడం మీరు వినే ఉంటారు. ఆ మాటతీరుకి అదే సరైనది, దాన్ని తప్పనకండి. పరీక్షలో, ఆఫీసు ఉత్తరంలో రాసేటప్పుడు మాత్రం "మైనే రోటీ ఖాయీ" అనే రాయాలి.