హెరాయిన్ అలవాటు మాన్పించే బుప్రెనార్ఫిన్ మొదటి మాత్ర ఇచ్చే ముందు జాగ్రత్తలు

• హెరాయిన్ చివరిసారి ఎప్పుడు వాడారో గంటతో సహా అడగండి. కనీసం 12 గంటలు గడవాలి. మెథడోన్ అయితే ఇంకా చాలా ఎక్కువసేపు ఆగాలి.

• మాట ఒక్కటే నమ్మవద్దు, ఒళ్లు చూడండి. ఒకరు "నిన్న రాత్రే ఆపేశాను" అన్నారనుకుందాం. కంటిపాప ఆవగింజంత ఉంది, ముక్కు కారడం లేదు, ఆవులింతలు లేవు. మత్తు ఇంకా దిగలేదన్నమాట. ఇప్పుడు మాత్ర ఇస్తే అది హెరాయిన్‌ను మెదడులో అది పట్టుకున్న గ్రాహకాల నుంచి నెట్టేస్తుంది. అరగంట, గంటలోనే వాంతులు, వణుకు, విరేచనాలు. అలా దెబ్బతిన్నవారు మళ్లీ క్లినిక్ గడప తొక్కడం కష్టం. కూర్చోబెట్టి, మత్తు దిగిన లక్షణాలను కొలిచే కౌస్ స్కోరు 12 దాటాక మొదలుపెట్టండి.

• మొదట 2 నుంచి 4 మిల్లీగ్రాములు, నాలుక కింద. పూర్తిగా కరిగేదాకా మింగకూడదు, నీళ్లు తాగకూడదు. గంట, రెండు గంటలు ఎదురుగానే ఉంచుకోండి.

• మద్యం, ఆల్ప్రజోలం లాంటి నిద్రమాత్రల వాడకం తప్పక అడగండి. కలిస్తే ఊపిరి మందగిస్తుంది.

• ఇంటికి ఇచ్చేది, కరిగించి సూదితో ఎక్కించుకోకుండా నలక్సోన్ కలిపిన మాత్రే. మోతాదు కుదిరాక, మొదట ఒకటి రెండు రోజులకే. ఖాళీ స్ట్రిప్పులు తిరిగి తెచ్చాకే తర్వాతివి. ఇంట్లో చిన్నపిల్లలుంటే తాళం ఉన్న పెట్టె ఎక్కడుందో అడగండి. ఒక్క మాత్ర పసివాడి ఊపిరి ఆపగలదు.