తెలుగు, ఇంగ్లీషు ఖాతాదారులకు ఒకే ఇన్‌వాయిస్ నమూనా: తేదీ, రూపాయలు, కొలతలు, చిరునామా ఎలా అమర్చుకోవాలి?

తిరుపతి, చిత్తూరు ప్రాంతాల్లో చిన్న వ్యాపారాల లెక్కలు చూసేవారి దగ్గర సాధారణంగా రెండు ఇన్‌వాయిస్ ఫైళ్లు ఉంటాయి. ఒకటి తెలుగులో, రెండవది ఇంగ్లీషులో. కొన్ని నెలలు గడిచేసరికి ఒకదానిలో చేసిన మార్పు మరొకదానిలో ఉండదు, ఒకే నెంబరు రెండు బిల్లులకు పడుతుంది, ఆపైన జీఎస్టీ రిటర్ను వేసే రోజున వెతుకులాట మొదలవుతుంది. ఇన్‌వాయిస్ నెంబరు ఆర్థిక సంవత్సరంలో ఒక్కసారే రావాలనీ, పదహారు అక్షరాలు మించకూడదనీ నిబంధన ఉన్నప్పుడు రెండు ఫైళ్లు పెట్టుకోవడం కోరి కష్టం తెచ్చుకోవడమే. ఫైలు ఒకటే ఉండాలి. భాష మాత్రమే మారాలి.

ఇక్కడ చిత్తూరులోని ఒక గ్రానైటు పలకల వ్యాపారాన్ని ఉదాహరణగా తీసుకుందాం. పలమనేరులో ఇల్లు కట్టుకుంటున్న ఖాతాదారుకు తెలుగు బిల్లు కావాలి, బెంగళూరు కాంట్రాక్టరుకు ఇంగ్లీషు బిల్లు కావాలి. సరుకు 1,240 చదరపు అడుగులు, అడుగు ధర ₹135, పన్నుకు ముందు విలువ ₹1,67,400, బిల్లు తేదీ 2025 ఏప్రిల్ 3, చెల్లింపు గడువు ముప్పై రోజులు.

కావలసినవి

ఎక్సెల్, యూనికోడ్ తెలుగు ఫాంటు ఒకటి. డీటీపీ కేంద్రాల్లో వాడే పాత ఫాంట్లు వద్దు. ఫైలు మరొక కంప్యూటరులో తెరిస్తే అక్షరాలు అర్థంలేని గుర్తులుగా మారతాయి. ఫైలులో మూడు షీట్లు ఉంచండి: `Data`లో అసలు వివరాలు, `Months`లో నెలల పేర్లు, `Print`లో అచ్చయ్యే బిల్లు. `Data` షీటు `H1` గడిలో 1 ఉంటే ఇంగ్లీషు, 2 ఉంటే తెలుగు అని పెట్టుకోండి. "మొత్తం", "పరిమాణం", "గడువు తేదీ" వంటి శీర్షికలన్నీ ఈ గడిని చూసే మారాలి. జీఎస్టీ నెంబరు, హెచ్ఎస్ఎన్ సంఖ్య, బిల్లు నెంబరు మాత్రం రెండు భాషల్లోనూ ఇంగ్లీషు అక్షరాలతోనే ఉండాలి. అంకెలు కూడా అంతే. తెలుగు బిల్లు కదా అని తెలుగు అంకెలు వేయకండి. వాటిని గుక్కతిప్పుకోకుండా చదవగలిగేవారు మన ఖాతాదారుల్లో అరుదు.

రూపాయలు

భాష వేరు, ప్రాంతం వేరు. బెంగళూరు కాంట్రాక్టరు ఇంగ్లీషు బిల్లు అడిగాడంటే అమెరికా పద్ధతిలో కామాలు అడిగినట్టు కాదు. అతనికీ 1,67,400 అనే కనబడాలి, 167,400 అని కాదు. అక్షరాల్లో రాసే మొత్తం కూడా ఇంగ్లీషులో లక్షల లెక్కలోనే ఉండాలి. కంప్యూటరు ప్రాంతపు అమరికను బట్టి కామాలు మారిపోకుండా ఉండాలంటే గడికి ఈ ఫార్మాటు ఇవ్వండి:

```
[>=10000000]"₹ "##\,##\,##\,##0.00;[>=100000]"₹ "##\,##\,##0.00;"₹ "##,##0.00
```

దీనికి ఒక పరిమితి ఉంది. సరుకు వాపసు వచ్చి క్రెడిట్ నోటు రాసేటప్పుడు మొత్తం మైనస్‌లో ఉంటే అది మూడవ భాగంలోకి జారి, లక్షల దగ్గర కామా తప్పుగా పడుతుంది. అందుచేత క్రెడిట్ నోటులో కూడా మొత్తాన్ని ధన సంఖ్యగానే రాసి, పైన శీర్షికలో అది క్రెడిట్ నోటు అని స్పష్టంగా పెట్టడమే సరైన పద్ధతి.

కొలతలు

గ్రానైటును మన దగ్గర చదరపు అడుగుల్లో అమ్ముతారు. కొందరు కాంట్రాక్టర్లు చదరపు మీటర్లు అడుగుతారు. ఇక్కడ చాలామంది చేసే పని ఏమిటంటే, పరిమాణాన్నీ ధరనూ రెండింటినీ మార్చి కొత్తగా గుణించడం. మన ఉదాహరణలో 1,240 చదరపు అడుగులు 115.20 చదరపు మీటర్లు అవుతాయి. అడుగుకు ₹135 అంటే మీటరుకు ₹1,453.13. ఈ రెండింటినీ గుణిస్తే ₹1,67,400.58 వస్తుంది. సరుకు అదే, బేరం అదే, కానీ యాభై ఎనిమిది పైసలు పెరిగాయి. పైసలే కదా అనిపించవచ్చు; కాంట్రాక్టరు గుమాస్తా మాత్రం కొనుగోలు ఆర్డరుతో బిల్లు సరిపోలలేదని దాన్ని వెనక్కి పంపుతాడు.

బేరం ఏ కొలతలో కుదిరిందో ఆ కొలతలోనే గుణించండి. రెండవ కొలతను సరుకు వివరణ కింద చిన్న అక్షరాలతో సమాచారంగా మాత్రమే చూపండి, దానికి ధర జోడించకండి. కొలత పేరు తెలుగులో "చ.అ." అని ఉన్నా, రిటర్నులో వేసే `SQF` అనే కోడును `Data` షీటులో విడిగా ఉంచండి.

తేదీ

బిల్లును చెడగొట్టేది ఈ అడుగే. చూడటానికి అన్నిటికంటే సులభంగా కనబడటం వల్లనే ఇక్కడ ఎవరూ జాగ్రత్తపడరు.

కొత్త కంప్యూటరులో విండోస్ ప్రాంతపు అమరిక తరచుగా అమెరికా ఇంగ్లీషులోనే ఉండిపోతుంది. అక్కడ మీరు 03/04/2025 అని కొడితే, ఎక్సెల్ దాన్ని ఏప్రిల్ 3గా కాక మార్చి 4గా తీసుకుంటుంది, ఏ హెచ్చరికా చేయదు. మన బిల్లు సంగతి చూడండి: ఏప్రిల్ 3 కొత్త ఆర్థిక సంవత్సరంలోది, మార్చి 4 పాత సంవత్సరంలోది. అసలు గడువు మే 3. తిరగబడిన తేదీకి ముప్పై కలిపితే ఏప్రిల్ 3 వస్తుంది, అంటే బిల్లు ఇచ్చిన రోజే డబ్బు కట్టమన్నట్టు అచ్చవుతుంది.

అదే కంప్యూటరులో 25/04/2025 అని కొడితే మరొక రకంగా చెడుతుంది. ఇరవై ఐదవ నెల లేదు కనుక ఎక్సెల్ దాన్ని తేదీగా గుర్తించక, వట్టి అక్షరాలుగా గడిలో ఎడమవైపుకు అంటించి ఉంచుతుంది. గడువు గడిలో `#VALUE!` వస్తుంది. గుమాస్తాలు ఈ తప్పును చూసి దీన్ని మాత్రమే సరిదిద్దుతారు. పన్నెండు లోపు రోజులన్నీ నెలతో తారుమారై, కుడివైపున చక్కగా కూర్చుని ఉంటాయి కనుక వాటి జోలికి ఎవరూ వెళ్లరు. ఒక తేదీ ఎడమవైపు కనబడిందంటే మిగిలిన తేదీలన్నిటినీ అనుమానించాలి.

ఎక్సెల్ లోపల ఏ తేదీ నిలిచిందో తెలుసుకోవడానికి ఆ గడి ఫార్మాటును `General`కు మార్చి చూడండి. 45750 కనబడితే అది 2025 ఏప్రిల్ 3; 45720 కనబడితే అది మార్చి 4. గడిలో పైకి కనబడే రూపాన్ని నమ్మకండి, ఈ సంఖ్యను మాత్రమే నమ్మండి.

ఇక సరైన విధానం. మొదట విండోస్‌లో ప్రాంతాన్ని `English (India)`కి మార్చండి. ఇది ఇకపై కొట్టే తేదీలకే పనికివస్తుంది, ఇప్పటికే తిరగబడినవాటిని బాగుచేయదు. వాటిని ఒక్కొక్కటిగా కాగితపు బిల్లుతో సరిచూసి మళ్లీ కొట్టవలసిందే. రెండవది, ప్రాంతం సరిగ్గా ఉన్నా సరే, తేదీని `2025-04-03` అనే క్రమంలోనే కొట్టడం అలవాటు చేసుకోండి. సంవత్సరం ముందు వచ్చినప్పుడు ఎక్సెల్ రోజునూ నెలనూ తారుమారు చేయదు. మూడవది, తేదీ గడికి `Data Validation` పెట్టి 2025 ఏప్రిల్ 1కి ముందు, 2026 మార్చి 31కి తరువాత వచ్చే తేదీలను అడ్డుకోండి. మన ఉదాహరణలోని మార్చి 4 ఇక్కడే పట్టుబడుతుంది. అయితే జూన్ 5 కాస్తా మే 6గా మారితే ఈ కాపలా పట్టుకోలేదు, ఎందుకంటే రెండూ ఒకే ఆర్థిక సంవత్సరంలోవి. అందుకే అచ్చయ్యే బిల్లులో నెల ఎప్పుడూ పేరుతోనే ఉండాలి, అంకెతో కాదు.

నెల పేరు కోసం చాలామంది ఫార్మాటులో `[$-44A]` అనే తెలుగు సంకేతం వాడమంటారు. అది పనిచేస్తుంది, కాని "జులై" అని రావాలా "జూలై" అని రావాలా అన్నది మీ చేతిలో ఉండదు. నేను నెలల పేర్లను సొంతంగా పెట్టుకోమనే చెబుతాను. `Months` షీటులో మొదటి నిలువు వరుసలో ఇంగ్లీషు పేర్లు, రెండవ వరుసలో తెలుగు పేర్లు పన్నెండూ రాసి, బిల్లు తేదీ `Data` షీటు `B4` గడిలో ఉందనుకుని `Print` షీటులో ఈ సూత్రం ఉంచండి:

```
=DAY(Data!B4)&" "&INDEX(Months!$A$1:$B$12,MONTH(Data!B4),Data!$H$1)&" "&YEAR(Data!B4)
```

ఈ సూత్రం ఇచ్చేది తేదీ కాదు, చదవడానికి వీలైన అక్షరాలు. కనుక గడువును దీని నుంచి లెక్కించకూడదు. `Data` షీటులో `B5` గడిలో `=B4+30` అని లెక్కించి, దానికి ఇదే సూత్రాన్ని `B4` చోట `B5` వేసి విడిగా పెట్టండి. అచ్చుకు వెళ్లేది అక్షరం, లెక్కకు వెళ్లేది `Data` షీటులోని అసలు తేదీ. ఈ రెండింటినీ కలిపేసిన నమూనాలే మళ్లీ మళ్లీ మరమ్మతుకు వస్తుంటాయి.

చిరునామా

ఇంటర్నెట్‌లో దొరికే నమూనాల్లో నగరం, రాష్ట్రం, పిన్ అనే మూడు గడులే ఉంటాయి. మనకు అవి చాలవు. పేరు, ఇంటి నెంబరు, వీధి, గ్రామం లేక పట్టణం, మండలం, జిల్లా, రాష్ట్రం, పిన్‌కోడు వేర్వేరు గడుల్లో ఉండాలి. క్రమం రెండు భాషల్లోనూ ఇదే. రాష్ట్రం పక్కన జీఎస్టీ కోడు వేయండి: ఆంధ్రప్రదేశ్‌కు 37, కర్ణాటకకు 29.

తేదీ దయ్యం ఇక్కడ కూడా వెంటాడుతుంది. మన ఊళ్ల ఇంటి నెంబర్లు 3-4-12 వంటివి. మామూలు గడిలో అలా కొడితే ఎక్సెల్ దాన్ని 2012లో ఒక తేదీగా మార్చేస్తుంది; తరువాత గడిని `Text`కు మారిస్తే ఇంటి నెంబరు తిరిగి రాదు, 41002 వంటి సంఖ్య మిగులుతుంది. ఇంటి నెంబరు నిలువు వరుసను మొదటి అక్షరం కొట్టకముందే `Text`గా మార్చి ఉంచండి.

పాత ఖాతాదారుల జాబితాలో జిల్లాను కూడా చూసుకోండి. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడింది, కాని పిన్‌కోడ్లు మారలేదు. తిరుపతి 517501గానే, చిత్తూరు 517001గానే ఉన్నాయి. పిన్‌ను చూసి జిల్లాను దానంతటదే నింపే సూత్రాలు పాత జాబితా మీద ఆధారపడితే, తిరుపతి, శ్రీకాళహస్తి ఖాతాదారులందరికీ ఇప్పటికీ చిత్తూరు జిల్లా అనే పడుతుంది. ఈ గడిని చేత్తో నింపడమే మేలు.

బిల్లును ఖాతాదారుకు ఎక్సెల్ ఫైలుగా పంపకండి, పీడీఎఫ్‌గా మార్చి పంపండి. మార్చే ముందు `H1`లో 1 పెట్టి ఒకసారి, 2 పెట్టి ఒకసారి `Print` షీటును చూడండి. రెండింటిలోనూ మొత్తం, గడువు తేదీలోని రోజు, ఇంటి నెంబరు ఒకే విధంగా ఉండాలి. ఏదైనా తేడా కనబడితే ఎవరో `Print` షీటులోని సూత్రాన్ని చెరిపి నేరుగా అంకె కొట్టారని అర్థం. ఆ గడిని నొక్కితే పైన పట్టీలో సూత్రానికి బదులు వట్టి అంకె కనబడుతుంది.