ఆన్‌లైన్‌లో బండి బీమా – 3వ పాఠం: అమ్మే సైటుకు అనుమతి ఉందా, మన నంబరు కోసం పెట్టిన పేజీయా?

గత పాఠంలో ఎదుటివాళ్ల నష్టాన్ని భరించే థర్డ్ పార్టీ బీమాకూ, మన బండి నష్టాన్ని భరించే ఓన్ డ్యామేజ్ బీమాకూ తేడా చూశాం. ఈసారి ఆ బీమా అమ్ముతున్న పేజీనే పరీక్షిద్దాం. పాఠం కోసం ఒక కేసు తీసుకుంటున్నాం. 2019 మార్చిలో కొన్న 125 సీసీ బైక్. దాని యజమానికి ఒక మెసేజ్ వచ్చింది: "మీ బండి బీమా రేపటితో ముగుస్తోంది. ₹499కే రెన్యువల్." లింకు నొక్కితే ఒక పేజీ తెరుచుకుంది. పైన పేరు, మొబైల్ నంబరు, బండి నంబరు అడిగే గళ్లు. వాటి కింద నాలుగు కంపెనీల లోగోలు, ఒక్కోదాని పక్కన ఒక్కో థర్డ్ పార్టీ ధర: ₹499, ₹540, ₹575, ₹610. అన్నిటికన్నా కింద, చిన్న అక్షరాల్లో "ఐఆర్‌డీఏఐ అనుమతి పొందినది" అని ఒక నంబరు.

ముందు ధర చూడండి

ఏ గడీ నింపకముందే ఈ పేజీ గురించి చాలా తెలిసిపోతుంది. థర్డ్ పార్టీ ప్రీమియం కంపెనీలు తమ ఇష్టానికి పెట్టుకునే ధర కాదు. కేంద్ర రోడ్డు రవాణా శాఖ నోటిఫై చేసే రేటు అది, కంపెనీలన్నిటికీ ఒక్కటే. 2022 జూన్ 1న అమల్లోకి వచ్చిన పట్టికలో 75 సీసీ దాటి 150 సీసీ వరకు ఉన్న బైక్‌కు ఏడాదికి ₹714. దానికి 18 శాతం జీఎస్టీ, అంటే ₹128.52 కలిపితే ₹842.52 అవుతుంది. యజమాని ప్రమాద బీమా కూడా తీసుకుంటే ఇంకా పెరుగుతుంది. రేట్లు మారుతుంటాయి కాబట్టి మీరు కొనే రోజున అమల్లో ఉన్న పట్టికే చూడాలి.

దీన్నిబట్టి ఈ పేజీలో రెండు అబద్ధాలు బయటపడ్డాయి. ₹499కి 125 సీసీ బైక్ థర్డ్ పార్టీ పాలసీ రాదు. నాలుగు కంపెనీలకు నాలుగు వేర్వేరు థర్డ్ పార్టీ ధరలు ఉండే అవకాశమూ లేదు. కంపెనీని బట్టి ధర మారేది ఓన్ డ్యామేజ్ భాగంలోనూ, అదనంగా కలుపుకునే కవర్లలోనూ మాత్రమే. అందుకే పోల్చి చూపే సైటు ఏదైనా, థర్డ్ పార్టీ ఒక్కటే ఎంచుకుని చూడండి. అసలు ప్రీమియం అన్ని వరుసల్లో ఒకేలా ఉంటే ఆ సైటు కనీసం నిజమైన రేటు చూపిస్తోంది. "థర్డ్ పార్టీపై 60 శాతం తగ్గింపు" అని ఉంటే అక్కడితో ఆపేయండి.

మెసేజ్‌లోని గడువును కూడా ఆర్‌సీతో సరిచూడాలి. 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త బైక్‌కు థర్డ్ పార్టీ బీమా అయిదేళ్లకు ఒకేసారి ఇస్తున్నారు. మన కేసులో బండి 2019 నాటిది కనుక ఆ అయిదేళ్లు 2024 మార్చిలో అయిపోయాయి, రెన్యువల్ మాట నిజమే కావచ్చు. కొని మూడేళ్లే అయిన బండికి "థర్డ్ పార్టీ ముగిసింది" అని వస్తే మాత్రం, పంపినవాళ్ల దగ్గర మీ నంబరు ఉందే తప్ప మీ పాలసీ వివరాలు లేవని అర్థం.

లోగోలను కూడా ఒకసారి చూడండి. బండి బీమా అమ్మేది జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీలే. జీవిత బీమా కంపెనీ లోగోగానీ, ఆరోగ్య బీమా మాత్రమే చేసే కంపెనీ లోగోగానీ బైక్ బీమా ధర పక్కన కనిపిస్తే, ఆ పేజీ తయారుచేసినవాళ్లకు ఈ వ్యాపారమే తెలియదన్నమాట.

నంబరు ఉంటే చాలదు, అది ఎవరిదో తేలాలి

ఇప్పుడు పేజీ అడుగుకు వెళ్దాం. మన దేశంలో బీమాను ఆన్‌లైన్‌లో అమ్మే హక్కు ముఖ్యంగా నలుగురికి ఉంది: బీమా కంపెనీకి, బ్రోకరుకు, పలు కంపెనీల ధరలు పోల్చి చూపే వెబ్ అగ్రిగేటరుకు, కార్పొరేట్ ఏజెంటుకు. మన బ్యాంకులు బీమా అమ్మేది ఎక్కువగా కార్పొరేట్ ఏజెంట్లుగానే. వీళ్లందరికీ బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి. ఆ సంస్థ ప్రధాన కార్యాలయం మన హైదరాబాద్‌లోనే ఉంది. నిజమైన సైటు అడుగున వ్యాపార పేరుతో పాటు చట్టబద్ధమైన కంపెనీ పేరు, అది పై నలుగురిలో ఏ రకమో, రిజిస్ట్రేషన్ నంబరు, నమోదిత చిరునామా కనిపిస్తాయి. బ్రాండు పేరు, కంపెనీ పేరు వేర్వేరుగా ఉండటం మామూలే. జాబితాలో వెతకాల్సింది కంపెనీ పేరుతోనే.

ఆ జాబితా కోసం గూగుల్‌లో వెతకకండి, పైన వచ్చేవి ప్రకటనలు కావచ్చు. అడ్రస్ బార్‌లో irdai.gov.in అని మీరే టైప్ చేయండి. అక్కడ బీమా కంపెనీలకు, బ్రోకర్లకు, వెబ్ అగ్రిగేటర్లకు, కార్పొరేట్ ఏజెంట్లకు విడివిడిగా జాబితాలు ఉంటాయి. మీ సైటు తాను బ్రోకరునని చెప్పుకుంటే బ్రోకర్ల జాబితాలోనే దొరకాలి. జాబితా ఏ తేదీ నాటిదో కూడా చూసుకోండి. కొత్తగా అనుమతి వచ్చినవాళ్లు, రద్దయినవాళ్లు పాత ప్రతిలో సరిగా ఉండరు.

చాలామంది తప్పు చేసేది ఇక్కడే. నంబరు జాబితాలో కనిపించగానే "సరే, ఉంది" అనుకుని వెనక్కి వచ్చేస్తారు. మోసగాళ్లకు లేని నంబరును పుట్టించాల్సిన పనిలేదు. ఉన్న కంపెనీ నంబరునే ఎత్తి తమ పేజీ అడుగున అతికించవచ్చు. మన కేసులో జరిగింది అదే. నంబరు నిజమైనదే, ఒక నమోదిత బ్రోకరుది. కానీ పేజీ అడ్రసుకూ ఆ బ్రోకరుకూ సంబంధమే లేదు. కాబట్టి పరీక్షను వెనక నుంచి కూడా చేయాలి. జాబితాలో ఆ కంపెనీ పేరు పక్కన ఉన్న వెబ్ అడ్రసు, ఫోను లేదా ఈమెయిల్ తీసుకోండి. అక్కడి నుంచి మీరే ఆ కంపెనీ సొంత సైటుకు వెళ్లండి. మీకు లింకుగా వచ్చిన అడ్రసు, ఈ అడ్రసు అక్షరం అక్షరం సరిపోవాలి. సరిపోకపోతే ఆ కంపెనీకే ఫోన్ చేసి "ఈ సైటు మీదేనా?" అని అడగండి. ఫోన్ నంబరు మాత్రం లింకు పేజీలోది వాడకండి.

బీమా కంపెనీ పేరే కల్పించిన సందర్భాలూ ఉన్నాయి. "డిజిటల్ నేషనల్ మోటార్ ఇన్సూరెన్స్" పేరుతో బెంగళూరు చిరునామా పెట్టుకుని బండి బీమా అమ్ముతున్నవాళ్లకు తాము ఎలాంటి అనుమతీ ఇవ్వలేదని 2020 డిసెంబరులో ఐఆర్‌డీఏఐ ప్రజలను హెచ్చరించింది. వాళ్ల సైటు అడ్రసు ఉచితంగా పేజీలు కట్టుకునే wixsite.com కింద ఉండేది. పేరు ఎంత పెద్దగా వినిపించినా, కంపెనీల జాబితాలో లేదంటే ఆ పాలసీకి విలువ లేనట్టే.

నంబరు పోగుచేసే పేజీని పట్టుకోవడం

అన్ని పేజీలూ డబ్బు కోసమే పెట్టరు. కొన్నిటికి కావాల్సింది మీ నంబరు మాత్రమే, దాన్ని ఏజెంట్లకు అమ్ముకుంటారు. ఇవి మోసమని ఒక్క చూపులో చెప్పడం కష్టం, ఎందుకంటే అనుమతి ఉన్న సైట్లు కూడా ధర చూపకముందే మొబైల్ నంబరు అడుగుతాయి. కాబట్టి నంబరు అడిగిందా లేదా అన్నది కాదు, అడిగి ఏం చేస్తుందన్నది చూడాలి.

కంప్యూటర్‌లో క్రోమ్‌లో ఆ పేజీ తెరిచి F12 నొక్కండి, Network అనే ట్యాబ్‌లోకి వెళ్లండి. తర్వాత మొబైల్ గడిలో అయిదంకెలే టైప్ చేసి ఆగండి. బటన్ నొక్కవద్దు. (పది అంకెలు ఊరికే కల్పించి కొట్టకండి, అది ఇంకెవరిదో నంబరై ఉంటుంది.) కొత్త వరుసలు వస్తే ఒక్కొక్కటి తెరిచి Headers, Payload చూడండి. ఇలాంటిది కనిపించవచ్చు:

```
Request URL: https://push.leads-crm.example/add
Request Method: POST
mobile=98480&src=sms_bike_499
```

మీరు ఒప్పుకోకముందే మీ అంకెలు వేరే అడ్రసుకు వెళ్లిపోతున్నాయన్నమాట. వరుసలు రావడమే తప్పు కాదు, సందర్శకుల లెక్క కోసం పంపేవి కూడా ఉంటాయి. మీ అంకెలు అందులో ఉన్నాయా అన్నదే ప్రశ్న. మంచి సైటు కూడా బయటి సాఫ్ట్‌వేర్ వాడుకోవచ్చు, అయితే అప్పుడు ప్రైవసీ పాలసీలో బాధ్యత వహించే కంపెనీ పేరు స్పష్టంగా ఉంటుంది. ఆ పాలసీలో కంపెనీ పేరే లేకుండా "మేము, మా భాగస్వాములు" అని మాత్రమే ఉంటే, మీ సమ్మతి ఎవరికిస్తున్నారో మీకే తెలియదు. ముందే టిక్ పెట్టి ఉన్న గడి పక్కన "డీఎన్‌డీలో ఉన్నా కాల్ చేయడానికి అంగీకరిస్తున్నాను" అన్న వాక్యం ఉందేమో చూసి, ఉంటే టిక్ తీసేయండి. తీయనివ్వకపోతే ఆ పేజీ మూసేయండి.

ఇంకో గుర్తు దారి చివర ఉంటుంది. నిజంగా అమ్మే సైటులో ప్రపోజల్ ఫారం, పాలసీ నిబంధనలు, ఆ పాలసీ రకానికి ఐఆర్‌డీఏఐ దగ్గర ఉండే గుర్తింపు నంబరు యూఐఎన్, ఆ తర్వాత చెల్లింపు వస్తాయి. నంబరు కోసం పెట్టిన పేజీ "ధన్యవాదాలు, మా నిపుణుడు కాల్ చేస్తాడు" దగ్గర ముగుస్తుంది.

చెల్లించే క్షణం, ఆ తర్వాత

ఇక్కడిదాకా అంతా సరిపోయినా, యూపీఐ పిన్ కొట్టేముందు తెర మీద వచ్చే గ్రహీత పేరు చదవండి. బీమా కంపెనీ పేరుగానీ, మీరు జాబితాలో సరిచూసిన సంస్థ పేరుగానీ ఉండాలి. వ్యక్తి పేరు, ఏదో "ఎంటర్‌ప్రైజెస్" పేరు వస్తే వెనక్కి రండి. క్యూఆర్ కోడ్ వాట్సాప్‌లో పంపుతామన్నా అంతే. చట్టం ప్రకారం ప్రీమియం ముందుగా చేరితేనే కంపెనీపై బాధ్యత పడుతుంది. ఎవరి సొంత ఖాతాకో వెళ్లిన డబ్బుతో ఆ బాధ్యత మొదలుకాదు.

పాలసీ పీడీఎఫ్ చేతికొచ్చాక బీమా కంపెనీ సొంత సైటులో పాలసీ నంబరు కొట్టి చూడండి. పీడీఎఫ్‌లోని క్యూఆర్ స్కాన్ చేసి సరిపెట్టుకోవద్దు, దొంగ పాలసీలోని క్యూఆర్ దొంగ సైటుకే తీసుకెళ్తుంది. రెండు మూడు రోజులు ఆగి mParivahan యాప్‌లో బండి నంబరుతో వెతికితే, బీమా కంపెనీ పేరు, గడువు తేదీ కొత్తవి కనిపించాలి. కనిపించకపోతే వెంటనే బీమా కంపెనీని అడగండి. ఎందుకంటే బీమా లేకుండా నడిపితే మొదటిసారి ₹2,000 జరిమానా, మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. ప్రమాదంలో ఎవరికైనా దెబ్బ తగిలితే పరిహారం మొత్తం యజమాని నెత్తిన పడుతుంది.

డబ్బు పోయిందని తేలితే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బును దారిలోనే ఆపే అవకాశం అంత ఎక్కువ. నమోదిత కంపెనీ లేదా బ్రోకరు మీద ఫిర్యాదైతే ముందు వాళ్లకే రాసి, జవాబు రాకపోతే bimabharosa.irdai.gov.in లోగానీ, 155255 నంబరుకుగానీ వెళ్లాలి.

అభ్యాసం

మీ ఫోనుకు ఈమధ్య వచ్చిన బీమా మెసేజ్ ఒకటి తీసుకోండి. లింకు నొక్కకుండా అడ్రసును మాత్రం కాగితం మీద రాసుకోండి. మెసేజ్‌లో పేరున్న కంపెనీని irdai.gov.in జాబితాలో వెతికి, దాని అసలు అడ్రసును పక్కనే రాసి, రెండిటినీ కుడి నుంచి ఎడమకు చదవండి. అడ్రసులో https:// తర్వాత వచ్చే మొదటి / గుర్తు దగ్గర మొదలుపెడితే, .in, .com, .co.in లాంటి ముగింపుకు ముందున్న మాటే అసలు యజమానిది, దానికి ఎడమవైపు ఏ పేరైనా తగిలించుకోవచ్చు. తేడా ఎక్కడుందో గుర్తుపెట్టి ఆ కాగితం దాచండి. 4వ పాఠంలో ప్రపోజల్ ఫారం నింపేటప్పుడు అదే కంపెనీని తీసుకుందాం.