ఎండలు ముదిరేలోపు వాచీ బెల్టు మార్చుకునేవారికి జాగ్రత్తలు

చెమట పట్టే కాలంలో వాచీ కింద దద్దుర్లు రాగానే చాలామంది చేసే మొదటి పని తోలు బెల్టు తీసేసి సిలికాన్ బెల్టు వేసుకోవడం. కొందరికి తగ్గుతుంది, కొందరికి అలాగే ఉంటుంది. తగ్గనివాళ్లలో ఎక్కువమందికి ఇబ్బంది బెల్టుతో కాదు, బకిల్‌తో. కాబట్టి బెల్టు ఎంచుకునే ముందు మణికట్టు మీద మచ్చ ఎక్కడుందో చూడాలి. కొనేముందు లగ్గుల మధ్య, అంటే బెల్టు తగిలించే కాళ్ల మధ్య, వెడల్పు సరిగ్గా కొలవాలి. బిగించాక బెల్టును వాచీకి పట్టి ఉంచే పిన్ను నిజంగా కూర్చుందో లేదో రూఢి చేసుకోవాలి. ఈ మూడూ చెమటలు మొదలవకముందే ముగించుకోండి. ఒకసారి చర్మం రేగాక ఏ బెల్టు వేసినా మండుతుంది, అప్పుడు దేనివల్ల మండుతోందో తేల్చుకోవడం కష్టం.

మచ్చ ఆకారం చూడండి

వాచీ తీసి, వెలుతురులో మణికట్టును చుట్టూ తిప్పి చూడండి. ఎరుపు బెల్టు వెడల్పంతా పట్టీలా ఉందా, కేసు కింద గుండ్రంగా ఉందా, లేక మణికట్టు లోపలివైపు బకిల్ ఆనే చోట మాత్రమే ఉందా? బకిల్ దగ్గర మాత్రమే ఉంటే ముందుగా అనుమానించాల్సింది నికెల్‌ను. చవక లోహం మీద వేసిన మెరుపు పూత అరిగితే, చెమటలోని ఉప్పు కింది పొరలోని నికెల్‌ను కరిగించి చర్మానికి చేరుస్తుంది. ఎండాకాలంలోనే ఇది బయటపడడానికి కారణం అదే. అదే బకిల్ చలికాలమంతా ఏమీ చేయకపోవచ్చు.

పట్టీ పొడవునా ఎరుపు ఉంటే రెండు కారణాలు ఉండొచ్చు. ఒకటి, చెమట, సబ్బు, దుమ్ము బెల్టు కింద ఇరుక్కుని చర్మం నాని ఒరుసుకుపోవడం. ఇందులో దురద కంటే మంట ఎక్కువ. ఎరుపు బెల్టు అంచు దగ్గరే ఆగిపోతుంది, వాచీ తీసేసి పొడిగా ఉంచితే కొద్ది రోజుల్లో నెమ్మదిస్తుంది. రెండోది అలర్జీ. ఇందులో దురద ముందుంటుంది, చిన్న చిన్న పొక్కులు లేస్తాయి, ఎరుపు బెల్టు అంచు దాటి పాకుతుంది. తోలు బెల్టయితే తోలు పదును చేయడానికి వాడే క్రోమియం, రబ్బరు బెల్టయితే రబ్బరును గట్టిపరచడానికి కలిపే రసాయనాలు, ముదురు రంగు బెల్టయితే అద్దకం రంగు కారణం కావచ్చు.

అలర్జీ వెంటనే కనిపించదు. పడనిది తగిలాక సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజులకు పైకి వస్తుంది. అందుకే కొత్త బెల్టు రెండు గంటలు పెట్టుకుని "బాగానే ఉంది" అనుకోవడం సరిపోదు. బెల్టు, బకిల్, కడిగే సబ్బు ఒకేసారి మార్చకండి. ఒకటి మార్చి కనీసం మూడు రోజులు చూసి, తర్వాత ఇంకొకటి మార్చండి.

ఎరుపు మీద నీరు కారుతున్నా, పొక్కులు పగిలినా, చర్మం పగుళ్లిచ్చినా బెల్టు మార్చి చూడడం ఆపేసి చర్మవైద్యుల దగ్గరికి వెళ్లండి. ఏ పదార్థం పడట్లేదో, అనుమానం ఉన్నవాటిని చర్మానికి అంటించి చూసే ప్యాచ్ టెస్టుతో వాళ్లు తేల్చగలరు. చర్మం పూర్తిగా మానేదాకా ఆ చేతికి వాచీ పెట్టకండి.

లగ్గుల మధ్య వెడల్పు

కేసు నుంచి బెల్టును పట్టుకోవడానికి పొడుచుకొచ్చిన కాళ్లే లగ్గులు. కొలవాల్సింది రెండు లగ్గుల లోపలి గోడల మధ్య ఖాళీని. కేసు వెడల్పు దీనికి పనికిరాదు. 42 మి.మీ. కేసుకు 20 ఉండొచ్చు, 22 ఉండొచ్చు. పాత బెల్టును కొలిచినా తప్పే వస్తుంది, ఎందుకంటే తోలు, సిలికాన్ రెండూ ఒత్తుకుని అర మిల్లీమీటరు వరకు తగ్గి కనిపిస్తాయి. బెల్టు వెనక ముద్రించిన అంకె ఉంటే అది ఒక ఆధారం, కానీ ఇదివరకు ఎవరైనా చిన్న సైజు వేసి ఉంటే ఆ అంకె కూడా మోసం చేస్తుంది.

బెల్టు తీసేసి, డిజిటల్ కాలిపర్ పైనుండే చిన్న దవడలను లగ్గుల మధ్య పెట్టి, గోడలకు తాకేదాకా మెల్లగా తెరవండి. కాలిపర్‌ను పిన్ను రంధ్రాల ఎత్తులో అడ్డంగా నిలువరించి, మూడుసార్లు కొలిచి చూడండి. 12 అంకె వైపు లగ్గులనూ, 6 అంకె వైపు లగ్గులనూ కొలవండి. కాలిపర్ లేకపోతే అర మిల్లీమీటరు గీతలున్న స్టీలు స్కేలు సరిపోతుంది. 19.9 వస్తే 20 అనుకోవచ్చు. 21 స్పష్టంగా వస్తే అది 21యే, 20కో 22కో సర్దకండి. కొన్ని స్మార్ట్ వాచీలకు మామూలు లగ్గులు ఉండవు, బెల్టు జారి కూర్చునే సొంత గాడి ఉంటుంది. వాటికి ఈ కొలత వర్తించదు, ఆ మోడల్‌కే చేసిన బెల్టు కావాలి.

22 మి.మీ. ఖాళీలో 20 బెల్టు వేస్తే ఏమవుతుందో చూడండి. పిన్ను రెండు కొనలూ బయటికి పొడుచుకొచ్చేది ఒక్కో వైపు సుమారు ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ. ఖాళీ రెండు మిల్లీమీటర్లు ఎక్కువైతే ఆ పొడుగంతా ఖాళీ నింపడానికే పోతుంది, రంధ్రంలోకి దిగేది గోరంచంత. బిగించినప్పుడు నిలుస్తుంది, టిక్కుమని కూడా వినిపించవచ్చు. కానీ చొక్కా చేతి అంచు తగిలినా, బ్యాగు పట్టీ లాగినా వాచీ కింద పడుతుంది. ఎక్కువ వెడల్పు బెల్టును నొక్కి దూర్చితే పిన్ను వంకర పోతుంది, బెల్టు అంచు మడతపడి చర్మాన్ని ఒరుస్తుంది.

పిన్ను వేయడం, తీయడం

పనిముట్టు లేకుండా వేలితోనే తీయగల క్విక్ రిలీజ్ పిన్నుకు బెల్టు వెనకవైపు ఒక చిన్న మీట ఉంటుంది. దాన్ని గోరుతో బెల్టు మధ్యవైపు జరిపితే ఒక కొన లోపలికి పోతుంది. టేబుల్ మీద మెత్తని గుడ్డ పరిచి, వాచీ అద్దం కిందికి ఉండేలా పెట్టండి. పాత బెల్టుకు మీట లేని మామూలు స్ప్రింగ్ పిన్ను, అంటే స్ప్రింగ్ బార్, ఉంటే తీసేటప్పుడు బొటనవేలు అడ్డం పెట్టండి. స్ప్రింగ్ ఎగిరి కంట్లో పడగలదు. లగ్గుల లోపలి గోడలకు టేపు అంటిస్తే గీతలు పడవు. తీసిన పాత బార్‌లు పారేయకండి.

బకిల్ ఉన్న పొట్టి ముక్క 12 వైపు, చిల్లులున్న పొడుగు ముక్క 6 వైపు. మీట చర్మం వైపు ఉండాలి. ముందు మీట లేని కొనను ఒక లగ్గు రంధ్రంలో దించండి. మీట లాగి పట్టుకుని రెండో కొనను మరో లగ్గు మధ్యకు తెచ్చి మెల్లగా వదలండి. వదిలాక బెల్టును కొంచెం ముందుకూ వెనక్కూ ఊపితే కొన రంధ్రం వెతుక్కుని దిగుతుంది.

ఇక్కడ శబ్దాన్ని నమ్మకండి. మీట ఎక్కడ ఆగిందో చూడండి. కొన రంధ్రంలో దిగితే మీట తన గాడిలో లగ్గు వైపు చివరకు దగ్గరగా వస్తుంది. కొన గోడకే ఆనుకుని ఉంటే మీట ఒక మిల్లీమీటరు లోపలే ఆగిపోతుంది. పై ముక్క మీట, కింది ముక్క మీట పక్కపక్కన పోల్చి చూస్తే తేడా ఇట్టే తెలుస్తుంది. తర్వాత వాచీని గుడ్డకు దగ్గరగా పట్టుకుని ఒక్కో ముక్కను నేరుగా, పక్కకు, మెలివేసి లాగండి. మెలివేసినప్పుడే సరిగా దిగని కొన జారుతుంది. నిలిస్తే అప్పుడు చేతికి కట్టండి.

చెమట ఉప్పు గాడిలో చేరితే మీట గట్టిపడి సగం దారిలో ఇరుక్కుంటుంది. మీట వదలగానే చటుక్కున వెనక్కి రాకపోతే ఆ పిన్ను మార్చండి, నూనె వేసి సర్దుకోవద్దు. ఆ నూనె చర్మానికి తగులుతుంది, దుమ్మునూ పట్టి ఉంచుతుంది. ఇంకో మాట, ఈ మీట కూడా లోహమే. కేసు పక్కన రెండు చోట్ల చిన్న చుక్కల్లా దురద వస్తే అనుమానించాల్సింది దీన్నే.

ఏ బెల్టు

బాగా చెమట పట్టేవారికి సిలికాన్‌గానీ ఎఫ్‌కేఎం అనే ఫ్లోరిన్ రబ్బరుగానీ మేలు, ఎందుకంటే చెమటను పీల్చుకోవు, కడిగితే శుభ్రపడతాయి. కానీ గాలిని కూడా పోనివ్వవు. కాబట్టి అడుగున గాడులో, చిల్లులో ఉన్నది తీసుకుని ఒక వేలు సులువుగా దూరేంత వదులుగా కట్టండి. ఎండలో మణికట్టు కొంచెం ఉబ్బుతుంది, పొద్దున సరిపోయిన చిల్లు మధ్యాహ్నానికి బిగుతవుతుంది. గుండె వేగం కొలిచే వాచీ వ్యాయామం చేసేటప్పుడు బిగుతుగా ఉండాలి. అది ముగియగానే ఒక చిల్లు వదులు చేయండి.

నైలాన్ గాలి తగలనిస్తుంది, త్వరగా ఆరుతుంది. అయితే చెమట ఉప్పు నేతలోనే ఉండిపోతుంది కాబట్టి వారానికి రెండుసార్లయినా ఉతకాలి. తోలును చెమట కాలంలో పక్కన పెట్టడమే మంచిది. తడిసిన తోలు గట్టిపడి, వాసన వేసి, తనలోని రసాయనాలను మరింత వదులుతుంది.

బకిల్ దగ్గరే దద్దురు ఉన్న మనిషి ఏం చేయాలో చూద్దాం. లగ్గుల ఖాళీ 20, పాతది తోలు బెల్టు, మచ్చ మాత్రం బకిల్ ఆకారంలో. సిలికాన్‌కు మారినా వారంలో మచ్చ తిరిగొచ్చింది, ఎందుకంటే కొత్త బెల్టుకూ అదే రకం పూత బకిల్. ఇప్పుడు చేయాల్సింది నికెల్ పరీక్ష. డైమిథైల్ గ్లయాక్సైమ్ ద్రావణం చుక్కను దూదిపుల్లకు తడిపి బకిల్ మీద అర నిమిషం రుద్దితే, నికెల్ వదులుతుంటే దూది గులాబీ రంగుకు తిరుగుతుంది. తిరిగితే బెల్టు ఉంచి బకిల్ మార్చాలి. టైటానియం బకిల్ ఉత్తమం. వాచీలకు వాడే 316L రకం స్టీలులో నికెల్ ఉన్నా చాలా కొంచెమే బయటికి వదులుతుంది, ఎక్కువమందికి పడుతుంది, తీవ్రమైన అలర్జీ ఉన్న కొందరికి అదీ పడదు. బకిల్ లోపల పారదర్శకమైన గోళ్ల రంగు పూయడం కొన్నాళ్లు ఆపుతుంది, చెమటకు లేచిపోగానే మళ్లీ మొదలు. కొత్త బకిల్ బెల్టు చివరి వెడల్పుకు సరిపోవాలి. 20 బెల్టు చివరన తరచుగా 18 లేదా 16 ఉంటుంది, అది విడిగా కొలవండి.

కడగడానికి బెల్టును వాచీ నుంచి విడదీయండి. వాసన లేని మెత్తని సబ్బుతో రుద్ది, చిల్లుల్లో నురగ మిగలకుండా నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాకే బిగించండి. మిగిలిన సబ్బు చెమటతో కలిసి చేసే మంట చాలాసార్లు అలర్జీలా కనిపిస్తుంది. తిరిగి బిగించిన ప్రతిసారీ మీట చూడడం, మెలివేసి లాగడం మళ్లీ చేయండి.