తక్కువ బడ్జెట్ డెస్క్‌టాప్‌కు గ్రాఫిక్స్ కార్డు ఎంచుకోవడం ఎలా?

గ్రాఫిక్స్ కార్డు కొనడానికి వెళ్లినవారు సాధారణంగా మొదట అడిగేది ‘ఎన్ని జీబీ?’ అని. తక్కువ బడ్జెట్ డెస్క్‌టాప్ విషయంలో అంతకన్నా ముందు తేల్చుకోవలసింది, ఆ కార్డుకు కావలసిన కరెంటును మన పవర్ సప్లై ఇవ్వగలదా లేదా అన్నది. అది తేలితే పరిశీలించవలసిన కార్డులు నాలుగైదుకు తగ్గిపోతాయి. వీడియో మెమరీ, బస్ వెడల్పు ఆ నాలుగైదింటిలో మంచిదాన్ని ఎంచుకోవడానికి పనికివస్తాయి. ఆఫీసుల్లో కొన్నేళ్లు వాడి అమ్మేసిన ఒక టవర్ డెస్క్‌టాప్‌ను ఉదాహరణగా తీసుకుందాం. అందులో ఎనిమిదో తరం ఐ5 ప్రాసెసర్, 260 వాట్ల పవర్ సప్లై ఉన్నాయి. 1080పీ మానిటర్ మీద ఆటలు ఆడుకోవడం, కొద్దిగా వీడియో ఎడిటింగ్ చేసుకోవడం మన అవసరం.

మొదటి దశ: పక్క మూత తీసి కేబుళ్లను చూడండి

కంప్యూటర్ ఆపి, ప్లగ్ తీసి, పక్క మూత తెరవండి. పవర్ సప్లై మీది లేబుల్‌పై ఎన్ని వాట్లో రాసి ఉంటుంది. ఆ తరవాత దాని నుంచి వచ్చే కేబుళ్లలో గ్రాఫిక్స్ కార్డుకు పెట్టే 6 పిన్నుల కనెక్టర్ గానీ, 6+2గా విడిపోయే 8 పిన్నుల కనెక్టర్ గానీ ఉందేమో వెతకండి. మదర్‌బోర్డు స్లాట్ ఒక్కటే కార్డుకు గరిష్ఠంగా 75 వాట్లు ఇస్తుంది. 6 పిన్నుల కనెక్టర్ మరో 75 వాట్లు, 8 పిన్నులది 150 వాట్లు అందించేలా ప్రమాణాలు ఉన్నాయి. ఆఫీసు డెస్క్‌టాప్‌లలో చాలావాటికి ఈ కనెక్టర్లు ఉండవు. పైగా కొన్ని కంపెనీల మదర్‌బోర్డులకు తమ సొంత తరహా పవర్ కనెక్టర్ ఉంటుంది కాబట్టి బజారులో దొరికే పవర్ సప్లైని తెచ్చి నేరుగా బిగించడం కుదరదు. మన ఉదాహరణలోని యంత్రానికి కనెక్టర్ లేదనుకుందాం. అప్పుడు స్లాట్ ఇచ్చే 75 వాట్లతోనే నడిచే కార్డులే మనకు మిగులుతాయి.

ఇక్కడ రెండు ప్రమాదాలున్నాయి. మొదటిది, హార్డ్ డిస్కుకు పెట్టే సాటా కేబుల్‌ను 6 లేదా 8 పిన్నులుగా మార్చే అడాప్టర్. సాటా కనెక్టర్‌లో 12 వోల్టుల పిన్నులు మూడే ఉంటాయి, ఒక్కో పిన్ను 1.5 ఆంపియర్ల వరకే మోయగలదు. అంటే మొత్తం 54 వాట్లు. దాని నుంచి 100 వాట్లు లాగితే ప్లాస్టిక్ కరుగుతుంది, అగ్నిప్రమాదం కూడా జరగవచ్చు. రెండోది, 4+4గా విడిపోయే ప్రాసెసర్ కేబుల్. చూడటానికి అదీ 8 పిన్నులదే అయినా, దానిలో 12 వోల్టుల వైర్లు, గ్రౌండ్ వైర్లు తారుమారుగా ఉంటాయి కాబట్టి బలవంతంగా కార్డుకు నొక్కితే షార్ట్ అవుతుంది.

రెండో దశ: వీడియో మెమరీ ఎంత కావాలో నిర్ణయించుకోండి

ఆటలోని టెక్స్చర్లు, అంటే వస్తువుల ఉపరితలాల మీద పరిచే బొమ్మలు, కార్డు మీది మెమరీలో పట్టకపోతే, మిగిలినవి కంప్యూటర్ ర్యామ్‌లోకి వెళ్లి, కార్డు కూర్చునే పీసీఐఈ స్లాట్ గుండా రాకపోకలు సాగిస్తాయి. అప్పుడు సగటు ఎఫ్‌పీఎస్, అంటే సెకనుకు తెర మీదికి వచ్చే ఫ్రేముల సంఖ్య, బాగానే కనిపించినా, కెమెరా తిప్పిన ప్రతిసారీ బొమ్మ ఒక్క క్షణం ఆగి కదులుతుంది. విండోస్ టాస్క్ మేనేజర్‌లో Performance, ఆ తరవాత GPU తెరిచి చూస్తే, Dedicated GPU memory నిండిపోయి Shared GPU memory పెరుగుతూ ఉండటం దీనికి గుర్తు. పాత ఆటలకూ, తేలికైన ఈ-స్పోర్ట్స్ ఆటలకూ 4 జీబీ సరిపోతుంది. ఇటీవలి పెద్ద ఆటలను 1080పీలో ఆడాలంటే టెక్స్చర్ల నాణ్యత తగ్గించుకునే షరతు మీద 6 జీబీ, ఇంకా హాయిగా ఉండాలంటే 8 జీబీ కావాలి.

మూడో దశ: బస్ వెడల్పును మెమరీ వేగంతో కలిపి లెక్కించండి

బస్ వెడల్పు అంటే గ్రాఫిక్స్ చిప్‌కూ దాని మెమరీకీ మధ్య ఒకేసారి ఎన్ని బిట్లు ప్రయాణించగలవో చెప్పే సంఖ్య. రోడ్డుకు ఎన్ని వరసలున్నాయో తెలిసినంత మాత్రాన ఎన్ని బండ్లు దాటుతాయో చెప్పలేం, బండ్ల వేగమూ తెలియాలి, ఇదీ అంతే. అందుకే ఈ లెక్క వేసుకోవాలి:

```
బస్ వెడల్పు (బిట్లు) ÷ 8 × మెమరీ వేగం (Gbps) = GB/s
```

జీటీ 730 దీనికి మంచి ఉదాహరణ. 128 బిట్ల డీడీఆర్3 మెమరీ రకం వేగం 1.8 కాబట్టి సెకనుకు 28.8 జీబీ వస్తుంది; 64 బిట్ల జీడీడీఆర్5 మెమరీ రకం వేగం 5 కాబట్టి 40 జీబీ వస్తుంది. సగం వెడల్పు ఉన్నదే ముందుంది. ఈ డీడీఆర్3 కార్డులను 4 జీబీతో అమ్ముతుంటారు, కానీ అంత బలహీనమైన చిప్‌కు ఆ 4 జీబీ ఉపయోగపడే అవకాశం చాలా తక్కువ. ఈ లెక్కకు ఒక పరిమితి కూడా ఉంది. కొన్ని చిప్‌లలో పెద్ద క్యాష్, అంటే చిప్ లోపలే ఉండే వేగవంతమైన తాత్కాలిక మెమరీ, ఉండటం వల్ల మెమరీ దగ్గరకు వెళ్లే అవసరమే తగ్గుతుంది, కాబట్టి వేర్వేరు కంపెనీల కార్డులను ఈ ఒక్క సంఖ్యతో పోల్చి తీర్పు చెప్పకూడదు.

నాలుగో దశ: మిగిలిన కార్డులను పక్కపక్కన పెట్టండి

ఆర్‌టీఎక్స్ 3050 పేరుతో రెండు వేరు కార్డులున్నాయి. 8 జీబీ రకానికి 128 బిట్ల బస్, సెకనుకు 224 జీబీ, 130 వాట్లు, అదనపు పవర్ కనెక్టర్ ఉంటాయి. 2024లో వచ్చిన 6 జీబీ రకానికి 96 బిట్ల బస్, సెకనుకు 168 జీబీ, కేవలం 70 వాట్లు. చిప్‌లోని కోర్లు కూడా కొన్ని తక్కువే. మొదటిది నిస్సందేహంగా వేగవంతమైనది, అయినా మన యంత్రానికి పనికిరాదు. స్లాట్ కరెంటుతోనే నడిచే మరో కార్డు ఆర్‌ఎక్స్ 6400. దానికి 4 జీబీ, 64 బిట్లు, సెకనుకు 128 జీబీ. అయితే అది పీసీఐఈ లేన్లు, అంటే స్లాట్‌లో డేటా ప్రయాణించే దారులు, నాలుగే వాడుతుంది. ఎనిమిదో తరం ఇంటెల్ బోర్డులు పీసీఐఈ 3.0వి కాబట్టి ఆ నాలుగు లేన్లలో సెకనుకు దాదాపు 4 జీబీ మాత్రమే వెళ్లగలదు. మెమరీ తక్కువైన కార్డుకే దారి కూడా ఇరుకు కావడంతో, 4 జీబీ నిండగానే దాని పనితీరు బాగా పడిపోతుంది. జీటీఎక్స్ 1650 పదహారు లేన్లు వాడుతుంది గనక ఆ ఇబ్బంది తక్కువ, కానీ మెమరీ 4 జీబీయే. దానిలోనూ సెకనుకు 128 జీబీ ఇచ్చే జీడీడీఆర్5 రకం, 192 జీబీ ఇచ్చే జీడీడీఆర్6 రకం వేర్వేరుగా ఉన్నాయి, కొన్ని మోడళ్లు 6 పిన్నులు అడుగుతాయి.

కార్డుకు 70 వాట్లు, ప్రాసెసర్ బలంగా పనిచేసేటప్పుడు 90 వరకు, బోర్డు, డిస్కులు, ఫ్యాన్లకు 40 అనుకుంటే మొత్తం 200. కాబట్టి 260 వాట్ల పవర్ సప్లైతో ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ కార్డు నడుస్తుంది, నా సలహా కూడా అదే. కేసు సన్నని రకమైతే ఎత్తు తక్కువగా ఉండే లో-ప్రొఫైల్ మోడల్ తీసుకోవాలి. మీ పవర్ సప్లైకి 8 పిన్నుల కనెక్టర్ ఉండి, వాట్లు కూడా 450 దాకా ఉంటే ఈ కార్డుతో సరిపెట్టుకోవలసిన పని లేదు. 8 జీబీ, 128 బిట్లు, 132 వాట్ల ఆర్‌ఎక్స్ 6600ను ముందు చూడండి.

అయిదో దశ: బిగించిన రోజే పరీక్షించండి

పెట్టె మీది పేరును నమ్మి ఊరుకోకుండా GPU-Z ప్రోగ్రామ్ తెరిచి Memory Type, Memory Size, Bus Width వరసలను చూడండి. 3050 6 జీబీ కార్డుకు అక్కడ GDDR6, 6144 MB, 96 bit కనిపించాలి. పాత చిప్‌కు కొత్త పేరు పెట్టి అమ్మే నకిలీ కార్డులు సెకండ్ హ్యాండ్‌లో తిరుగుతుంటాయి. చాలావాటిని ఈ ప్రోగ్రామ్ గుర్తించి పేరుకు ముందు [FAKE] అని చూపిస్తుంది. ఆ తరవాత ఒక బరువైన ఆటను అరగంట నడపండి. ఆట మధ్యలో కంప్యూటర్ ఏ సందేశమూ లేకుండా ఒక్కసారిగా ఆగిపోయినా, తనంతట తానే రీస్టార్ట్ అయినా ముందుగా పవర్ సప్లైని అనుమానించాలి. తెర మీద రంగు గళ్లు, చారలు వస్తే అనుమానించవలసింది వీడియో మెమరీని. అలాంటి కార్డును మార్పిడి గడువు దాటకముందే బిల్లుతో సహా తిరిగి ఇచ్చేయండి.